138 మంది తరగతి, ఒక చందా పేజీ: కేస్ స్టడీ

పూర్వ విద్యార్థుల బృందాలకు, చిన్న సంఘాలకు చందా పేజీలు పెట్టిస్తుంటాను. ఒక లక్ష్యం, దానికి ఎంత చేరిందో చూపే గీత, ఎవరెవరు ఇచ్చారో చెప్పే జాబితా, డబ్బు పంపడానికి ఒక క్యూఆర్. చూడ్డానికి అంతే. ఈ కేసులో కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, కొన్ని తీసేశాను. ఇది పూర్తిగా గెలిచిన పేజీ కాదు. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో ఒక పెద్ద ఊరు. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి కలిసి చదివిన బ్యాచ్. రెండు సెక్షన్లు, రిజిస్టర్‌లో 138 పేర్లు. 2023 జూలైలో వాళ్లలో ఒకరు గుండెపోటుతో పోయారు. ట్రాలీ ఆటో నడిపేవారు. ఇంట్లో భార్య, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు. పెద్దకర్మ భోజనాల దగ్గర స్నేహితులు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో ఎవరో "పది లక్షలు పోగేద్దాం, పేరు రాసి అమౌంట్ పెట్టండి" అన్నారు. జాబితా మొదలైంది.

మూడు వారాల తర్వాత ఆ బ్యాచ్‌లో ఒకాయన నాకు ఫోన్ చేశారు. "ఏవండీ, 64 మంది పేర్లు రాశారండి. మూడు లక్షల నలభై ఆరు వేలు అవ్వాలి. చేతికి లక్షా ఇరవై రెండు వేల అయిదొందలే వచ్చింది. ఎవర్ని అడగాలో కూడా తెలియట్లేదు" అన్నారు. ఎవర్ని అడగాలో తెలియకపోవడమే అసలు సమస్య అని నాకు అప్పుడే అనిపించింది.

నేను చూసేసరికి

వాట్సాప్ జాబితాలో ఒక లోపం ఉంది. పాత జాబితాను కాపీ చేసి, కింద తన పేరు చేర్చి మళ్లీ పోస్ట్ చేయాలి. ఇద్దరు ఒకే నిమిషంలో ఆ పని చేస్తే రెండు జాబితాలు పుడతాయి. అక్కడి నుంచి కొందరు ఒకదాన్ని, మరికొందరు ఇంకోదాన్ని పెంచుకుంటూ పోతారు. ఈ గ్రూపులో 58 పేర్లతో ఒక జాబితా, 64 పేర్లతో ఒకటి తిరుగుతున్నాయి. మొదటి దాంట్లో ఉన్న ముగ్గురు రెండో దాంట్లో లేరు. వాళ్లలో ఒకరు డబ్బు కూడా పంపేశారు. పేరు మాయమయ్యేసరికి నొచ్చుకుని ఊరుకున్నారు.

రెండోది ఖాతా. డబ్బంతా ఒక స్నేహితుడి ఫోన్ నంబరుకు వెళ్లింది. అది ఆయన జీతం పడే ఖాతా. ఐదో తారీఖున ఇంటి లోను ఈఎంఐ 11,400 ఆటోమేటిగ్గా కట్ అయింది. ఆ రోజు ఆయన సొంత డబ్బు అందులో అంత లేదు. అంటే కొన్ని రోజులు చందా డబ్బుతో ఆయన ఈఎంఐ కట్టినట్టయింది. జీతం పడగానే సర్దేశారు. తప్పేమీ జరగలేదు. కానీ ఎవరైనా స్టేట్‌మెంట్ అడిగితే ఏం చెప్పాలా అని ఆయనకు నిద్ర పట్టలేదు. ఈ టెన్షన్‌తోనే ఆయన గ్రూపులో లెక్క చెప్పడం మానేశారు. లెక్క చెప్పకపోయేసరికి మాట ఇచ్చినవాళ్లు ఆగిపోయారు. బయటికి మాత్రం "జనానికి శ్రద్ధ లేదు" అన్నట్టు కనిపించింది.

ఆ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. 38 జమలు ఉన్నాయి. 30 ఎవరివో వెంటనే తెలిసింది. ఎనిమిది తెలియలేదు. భార్య ఫోన్ నుంచి పంపితే భార్య పేరు పడుతుంది, కొడుకు పంపితే కొడుకు పేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లల్ని వాళ్లతో చదువుకున్నవాళ్లే గుర్తుపట్టలేకపోయారు. ఫోన్లు చేసి ఏడుగురిని పట్టుకున్నాం. 1,000 రూపాయల జమ ఒకటి మిగిలిపోయింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

పది లక్షలు ఎందుకు?

నేను మొదట అడిగిన ప్రశ్న ఇది. ఎవరి దగ్గరా జవాబు లేదు. గుండ్రంగా ఉందని పెట్టారు, అంతే. పది లక్షల గీత మీద 1,22,500 అంటే పన్నెండు శాతం. ఆ గీతను చూసిన మనిషికి "నా ఐదొందలతో ఏం ఒరుగుతుంది" అనిపించడం సహజం.

ఇద్దరు స్నేహితురాళ్లు పోయినాయన ఇంటికి వెళ్లి ఆయన భార్యతో మాట్లాడి వచ్చారు. మూడు అవసరాలు తేలాయి. కూతురి కాలేజీ, హాస్టల్ ఫీజు 85,000. దానికి ఆగస్టు నెలాఖరు గడువు. బ్యాంకులో తాకట్టు పెట్టిన బంగారం విడిపించడానికి వడ్డీతో కలిపి 1,35,000. ఆ లోను ఏడాది గడువు దగ్గరపడింది. ఇవి కాక పిల్లల పేరు మీద ఏదైనా డిపాజిట్ ఉంటే బాగుంటుందని ఆవిడ చాలా మొహమాటపడుతూ చెప్పారు. దానికి రెండు లక్షలు అనుకున్నాం. మొత్తం 4,20,000.

మూడింటినీ కలిపి ఒకే అంకెగా చూపాలా, వరసగా చూపాలా అని తర్జనభర్జన పడ్డాం. నేను వరస వైపు నిలబడ్డాను. కారణం ఇది. మొత్తం చేరకపోతే, ఉన్నదాన్ని దేనికి వాడాలన్న గొడవ డబ్బు చేతిలో ఉన్నప్పుడు రాకూడదు, ముందే తేలాలి. కాబట్టి మొదట ఫీజు, తర్వాత బంగారం, మిగిలింది డిపాజిట్. లోటు పడితే డిపాజిట్‌లోనే పడుతుందని పేజీలో మొదటి రోజే రాశాం.

డబ్బు ఎవరి ఖాతాలో

నేరుగా ఆవిడ ఖాతాకే పంపిస్తే మధ్యవర్తి బాధ ఉండదు. మామూలుగా నేను సూచించేది అదే. కానీ ఇక్కడ రెండు అడ్డంకులు. ఆవిడకున్నది పూర్తి కేవైసీ లేకుండా తీసిన చిన్న ఖాతా. అలాంటి ఖాతాలో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమలు లక్ష దాటకూడదు. రెండోది, జమలన్నీ ఎవరివో సరిచూడాలంటే ఆవిడ రోజూ స్టేట్‌మెంట్ తీసి మాకు పంపాలి. భర్త పోయి నెలే అయిన మనిషిని అడగాల్సిన పని కాదది.

విరాళాల వెబ్‌సైట్ల గురించీ ఆలోచించాం. వాటిలో ఫొటో, కథ లేకుండా డబ్బు రావడం కష్టం. కూతురు తమ ఫొటో ఎక్కడా పెట్టొద్దని చెప్పింది. అక్కడితో ఆ దారి వదిలేశాం.

చివరికి ఇద్దరు స్నేహితుల పేరు మీద కొత్త జాయింట్ ఖాతా తెరిపించాను. ఇందులో ఒక చిక్కుంది. ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలే ఖాతాకు మామూలుగా యూపీఐ దొరకదు. ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ఖాతాకు దొరుకుతుంది. భద్రత కోసం మొదటిది బాగుంటుంది, వసూలుకు రెండోదే పనికొస్తుంది. రెండోది తీసుకుని, దానికి మూడు కట్టుబాట్లు పెట్టాం. ఆ ఖాతాలో వేరే లావాదేవీ ఒక్కటి కూడా ఉండకూడదు. ప్రతి ఆదివారం స్టేట్‌మెంట్‌ను, ఖాతా నంబరు కప్పేసి, ముగ్గురు సభ్యుల కమిటీకి చూపాలి. డబ్బు బయటికి వెళ్లేది కాలేజీకి, బంగారం లోను ఖాతాకు, ఆవిడకు, ఈ మూడు చోట్లకే. ఈలోగా ఆవిడ ఖాతాకు ఆధార్, పాన్ ఇచ్చి పూర్తి కేవైసీ చేయించాం.

పన్ను సంగతి బ్యాచ్‌లోనే ఉన్న ఒక అకౌంటెంట్ చూశారు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన డబ్బు 50,000 దాటితే, దాటిన భాగం ఒక్కటే కాదు, మొత్తం ఆదాయం కిందే లెక్క. చందా అని పేరు పెట్టినంత మాత్రాన మినహాయింపు రాదు. కాలేజీకి, బ్యాంకుకు నేరుగా కట్టినదాన్ని కూడా ఆవిడకు వచ్చినట్టే లెక్కేశాం. 2023-24లో కొత్త పన్ను విధానంలో 7 లక్షల వరకు ఆదాయం ఉన్నవాళ్లకు రిబేటు ఉంది కాబట్టి పన్ను పడలేదు. కానీ మొత్తం 3 లక్షలు దాటింది, రిటర్ను వేయాల్సిందే. వేయించారు.

అమెరికాలో ఉన్న నలుగురిలో ఇద్దరికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. వాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. మిగతా ఇద్దరు అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద నమోదు లేని ఇద్దరు స్నేహితుల ఖాతాలోకి దాన్ని తీసుకోకూడదని చెప్పాను. "మా వాడికి మేం డబ్బు పంపడానికి కూడా చట్టమా?" అని ఇద్దరికీ కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. అయినా ఆ దారి తెరవలేదు.

పేజీ మొదటి రూపం

ఇక్కడి నుంచి తప్పులు నావి.

పేజీ తెరిచే ముందు ఒక మంచి పనే చేశాను. మాట ఇచ్చి ఇంకా పంపని వాళ్లలో కాస్త స్తోమత ఉన్న ఐదుగురికి ఫోన్ చేయించి, వాళ్ల 52,500 ముందే వేయించాను. 2002లో జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయ కేంద్రానికి కంప్యూటర్లు కొనడానికి ఉత్తరాలు పంపి చందా అడిగారు. లక్ష్యంలో 10 శాతం ముందే చేరిందని చెప్పిన చోట కంటే, 67 శాతం చేరిందని చెప్పిన చోట దాదాపు ఆరు రెట్లు డబ్బు వచ్చింది. మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. చందా పుస్తకం పట్టుకుని ముందు ఊరి పెద్ద ఇంటికే వెళ్లేది అందుకే. ఖాళీ పుస్తకం మీద మొదటి సంతకం ఎవరూ పెట్టరు. అలా పేజీ తెరిచిన ఆదివారానికి 1,75,000 ఉంది. 4,20,000లో దాదాపు 42 శాతం.

రెండో నిర్ణయం, ఖాతాకు చేరిన డబ్బే గీత మీద కనిపించాలి. చేసిన వాగ్దానాలు కనిపించకూడదు. స్క్రీన్‌షాట్లు కూడా లెక్కలోకి రావు. ఒకాయన 5,000 పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టారు. అందులో చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ అని ఉంది. రెండు రోజుల తర్వాత ఆ డబ్బు ఆయన ఖాతాకే తిరిగి వెళ్లిపోయింది. స్క్రీన్‌షాట్ చూసి గీత జరిపి ఉంటే, మళ్లీ వెనక్కి జరపాల్సి వచ్చేది. వెనక్కి జరిగిన గీతను ఎవరూ నమ్మరు.

జమ ఎవరిదో తెలుసుకోవడానికి మొదట లింకు పెట్టాను. ఒక్కొక్కరికి ఒక నంబరు, దాన్ని లింకులో నోట్‌గా ఇరికించడం. ఇలాగన్నమాట:

```
upi://pay?pa=nidhi@bank&pn=BATCH%20NIDHI&am=1000&cu=INR&tn=B-047
```

`am` అంటే మొత్తం, `tn` అంటే నోట్. B-047 అంటే బి సెక్షన్‌లో 47వ నంబరు. చక్కగా కనిపించింది కానీ పని చేయలేదు. వ్యాపారి ఖాతా కాని ఐడీకి ముందే మొత్తం నింపిన లింకు వస్తే కొందరి యాప్‌లు చెల్లింపును ఆపేశాయి. చెల్లింపు జరిగినచోట కూడా ఆ నోట్ స్టేట్‌మెంట్‌లో పూర్తిగా రాలేదు. రెండో రోజే లింకు తీసేసి మామూలు క్యూఆర్, కాపీ చేసుకునే యూపీఐ ఐడీ పెట్టాను. పంపాక యాప్‌లో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరును, తమ పేరు, సెక్షన్‌తో కలిపి ఒక ఫారంలో రాయమన్నాను. ఆ నంబరు స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది. రాత్రి తొమ్మిదికి ఖాతా చూసే ఇద్దరిలో ఒకరు రెండూ సరిపోల్చి గీత జరిపేవారు. తర్వాత ఒక్క జమ విషయంలో కూడా అనుమానం రాలేదు.

ఒకసారి మాత్రం లెక్క తడబడింది. ఒకాయన అలవాటు కొద్దీ 1,116 పంపారు. పంపాక, ఇది శుభకార్యం కాదుగా అని మనసు పీకి ఇంకో 84 వేసి 1,200 చేశారు. మేం ఇద్దరు మనుషులుగా లెక్కేశాం. మనుషుల్ని లెక్కించేటప్పుడు జమల్ని కాక ఫారంలోని పేర్లను లెక్కించాలని అప్పుడు నేర్చుకున్నాం.

నా పెద్ద తప్పు జాబితా. పేరు, పక్కన మొత్తం, ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన. డబ్బు బటన్లు మూడు: 1,000, 2,000, 5,000. వేరే మొత్తం వేసే గడి కింద చిన్నదిగా ఉంది. నాలుగు రోజుల్లో 23 మంది 71,500 వేశారు. గీత 2,46,500 దగ్గరికి వచ్చింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆగిన తొమ్మిది రోజులు

తర్వాతి తొమ్మిది రోజుల్లో ఆరుగురు, 14,000. గీత 2,60,500 దగ్గర నిలబడిపోయింది. గ్రూపులో గుర్తు చేశాం, ఫీజు గడువు చెప్పాం. కదల్లేదు.

కమిటీ వాళ్లు లక్ష్యం తగ్గిద్దామన్నారు. నేను ఆగమన్నాను. ఎవరు ఇవ్వలేదో చూడకుండా అంకె మార్చడం గుడ్డిగా మందు మార్చడమే. ఇవ్వనివాళ్ల పేర్లు తీశాం. రిజిస్టర్‌లో 138 మంది. పోయినవాళ్లు ఐదుగురు, ఆచూకీ లేనివాళ్లు 11 మంది. అందుబాటులో ఉన్నది 122. ఇచ్చింది 71. మిగిలిన 51 మందిలో ఎక్కువమంది ఊళ్లోనే ఉన్నవాళ్లు. ఆటోలు, కౌలు వ్యవసాయం, కుట్టు మిషను, కిరాణా కొట్టులో పని. ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లు దాదాపు అందరూ ఇచ్చేశారు. అంటే పోయినాయనతో రోజూ టీ తాగినవాళ్లే ఇవ్వలేదు!

వాళ్లలో ఒకాయనకు ఫోన్ చేశాను. కాసేపు అదీ ఇదీ మాట్లాడి అసలు సంగతి చెప్పారు. "లింకు తెరిచానండి. పైన పదివేలు, పదివేలు, ఐదువేలు. నేను వెయ్యగలిగింది మూడొందలు. ఆ బటన్లలో మూడొందలు లేనే లేదు. రాసి వేసినా ఆ లిస్టులో అట్టడుగున ఉంటాను. రేపు వాడి కూతురు చూస్తే? ఇంటికెళ్లి బియ్యం బస్తా ఇచ్చొచ్చానండి, అదే మేలు."

పెళ్లిళ్లలో చదివింపులు తెలిసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. మైకులో పేరూ మొత్తమూ చదువుతుంటే, ముందు చదివిన మొత్తం తర్వాతివాళ్లకు కొలత అవుతుంది. స్తోమత ఉన్నవాడు ఇంకో వెయ్యి కలుపుతాడు. లేనివాడు కవరు జేబులోనే ఉంచుకుని భోజనాల వైపు నడుస్తాడు. నేను పెట్టింది మైకు. మొదటి నాలుగు రోజులు అది పనిచేసింది కూడా, స్తోమత ఉన్నవాళ్ల మీద. తృప్తిలో ఆ సంగతి గమనించలేదు.

మార్చింది, దాని ఖరీదు

జాబితాలోంచి మొత్తాలు తీసేశాం. పేర్లు మాత్రమే, డబ్బు చేరిన వరసలో. ఎవరు ఎంత ఇచ్చారో కమిటీ ముగ్గురికి తెలుసు, ఇచ్చినవాళ్లకు విడిగా రసీదు మెసేజ్ వెళ్తుంది. 1885లో న్యూయార్క్‌లో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పీఠం కోసం జోసెఫ్ పులిట్జర్ నడిపిన పత్రిక లక్ష డాలర్లు పోగేసినప్పుడు 1,20,000 మందికి పైగా ఇచ్చారు. ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. పెద్దా చిన్నా చూడకుండా ప్రతి పేరూ అచ్చువేస్తామని ఆ పత్రిక మాట ఇచ్చింది. నాకు అక్కడ పనికొచ్చింది ఆ పేరే, అంకె కాదు.

బటన్లు 200, 500, 1,000 చేశాం. గీతలు రెండు పెట్టాం. మొదటిది రూపాయలది, పాతదే. రెండోది మనుషులది: "122 మందిలో 71". పైన ఆ రెండోదాన్నే పెద్దగా పెట్టాం. యూపీఐ లేనివాళ్ల కోసం బడి దగ్గర కొట్టు నడిపే ఒక స్నేహితుడు నగదు తీసుకుని, ఆ రాత్రే తన ఫోన్ నుంచి పేర్ల జాబితాతో సహా ఖాతాకు పంపేవారు. పేరు పేజీలో ఎక్కేది ఆ డబ్బు ఖాతాలో పడ్డాకే. ఒక్కో సెక్షన్‌కు అప్పటి క్లాస్ లీడరే ఫోన్ చేసేలా ఏర్పాటు చేశాం. ఫోన్లో డబ్బు అడగొద్దని, "నీ పేరొక్కటి లేదురా" అని మాత్రమే చెప్పమని అన్నాను.

పన్నెండు రోజుల్లో 26 మంది వచ్చారు. మనుషుల గీత 97కి చేరింది. డబ్బు? 22,500. అందులో 10,000 ఒక్కరిదే, మిగతా 25 మందిది కలిపి 12,500. ఇంకో సంగతి ఉంది. ఆ 10,000 వేసినాయన హైదరాబాద్‌లో వ్యాపారం చేస్తారు. తర్వాత కమిటీలో ఒకరితో నవ్వుతూ అన్నారట: "మొత్తాలు కనపడతాయనుకుని పాతిక వేలు వేద్దామనుకున్నాను రా. తీసేశారుగా, పది చాల్లే అనిపించింది."

లెక్క చూస్తే, మొత్తాలు దాచడం వల్ల ఆ ఒక్కాయన దగ్గరే 15,000 పోయింది. కొత్తగా వచ్చిన 25 మంది చిన్న చందాలన్నీ కలిపినా 12,500. కమిటీలో ఒకరు ఇది ముఖం మీదే అడిగారు. "మీరు చేసిన మార్పుతో మనకు నష్టమే కదండీ?" ఆ రోజుకు ఆ లెక్క ప్రకారం అవును. నా దగ్గర వాదించడానికి ఏమీ లేదు. మొత్తాల్ని మళ్లీ చూపుదామా అని కూడా ఆలోచించారు. వద్దన్నాను. మొత్తాలు ఉండవని నమ్మి వేసినవాళ్ల అంకెల్ని తర్వాత బయటపెట్టడం మాట తప్పడమే. లాభనష్టాల లెక్క వేసుకోవాల్సిన చోటు కాదది.

చివరి వారం

సెప్టెంబర్ చివరి ఆదివారం పేజీ మూసేస్తామని ముందే రాశాం. ఫీజు గడువులోగా కట్టేశాం, రసీదు ఫొటో పేజీలో ఉంది. బంగారం కూడా విడిపించాం. ఆ రోజు పేజీలో ఆ రెండు గడుల మీద అయిపోయినట్టు గుర్తు పెట్టాం. మిగిలింది డిపాజిట్ గడి ఒక్కటే.

ఆ వారంలో కొత్తవాళ్లు ఏడుగురు, 12,000. మేం ఎదురుచూడని డబ్బు ఇంకోవైపు నుంచి వచ్చింది. ముందే ఇచ్చిన 19 మంది రెండోసారి వేశారు, 43,000. ఎందుకు వేశారని నలుగురైదుగురిని అడిగాను. ఇద్దరు రసీదు ఫొటో చూసి వేశామన్నారు. ఒకావిడ, పేర్ల జాబితాలో ఊళ్లో కూలికి వెళ్లే స్నేహితురాలి పేరు చూసి, "అదే వేసినప్పుడు నేను రెండు వేలతో సరిపెట్టుకోవడమేంటి అనిపించింది" అన్నారు. ఆవిడ స్నేహితురాలు ఎంత వేసిందో ఆవిడకు తెలియదు. 200 వేసింది. నేనూ చెప్పలేదు. ఈ ఒక్క కేసుతో ఆ 43,000 మనుషుల గీత వల్లే వచ్చిందని నిరూపించలేను. రసీదు వల్ల ఎంత, గడువు వల్ల ఎంత, పేర్ల వల్ల ఎంత అన్నది విడదీసే మార్గం లేదు.

మూసేసరికి 3,38,000. లక్ష్యంలో 80 శాతం. 122 మందిలో 104 మంది. ఫీజు, బంగారం పోను డిపాజిట్‌కు మిగిలింది 1,18,000. లోటు 82,000 డిపాజిట్‌లోనే పడింది, ముందే రాసినట్టు. కాబట్టి గొడవ జరగలేదు. ఒకరిద్దరు గడువు పొడిగిద్దామన్నారు. ఒప్పుకోలేదు. దసరా, సంక్రాంతి అంటూ తెరిచి ఉంచిన పేజీల్లో చివరికి రోజుకు ఒక పేరు కూడా పడకపోవడం, ఆ కుటుంబం దాన్ని చూస్తూ ఉండడం ఇంతకుముందు రెండు చోట్ల చూశాను.

తర్వాతి పేజీల్లో నేను మార్చుకున్నవి

ఇప్పుడు మొదటి రోజు నుంచే మొత్తాలు చూపను. పెద్ద మొత్తాలు ఇవ్వగలవాళ్లతో పేజీ తెరవక ముందే మాట్లాడి, వాళ్ల డబ్బు వేయించేస్తాను. వాళ్లకు కావాల్సిన గుర్తింపు ఆ ఫోన్ మాటల్లో దొరుకుతుంది, పేజీ మీద అవసరం ఉండదు. ఈ కేసులో ఆ హైదరాబాద్ ఆయన్ని నేను ముందు పిలిచిన ఐదుగురిలో చేర్చకపోవడమే ఆ 15,000 పోవడానికి అసలు కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

బటన్ల మీద మొత్తాలు నా అంచనాతో పెట్టను. ఆ బృందంలో అందరికంటే తక్కువ సంపాదించే ఇద్దరిని కనుక్కుని, ఎంతైతే ఇబ్బంది లేకుండా వేస్తారో అడిగి, చిన్న బటన్ అక్కడ పెడతాను. మనుషుల గీతకు కింద అంకె చాలా జాగ్రత్తగా వేయాలి. 138 అని పెట్టి ఉంటే పోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కూడా ఇవ్వనివాళ్ల లెక్కలో ఉండేవారు, గీత ఎప్పటికీ నిండేది కాదు. ఇవ్వని 18 మంది పేర్లు మాత్రం ఎక్కడా కనిపించకూడదు. రిజిస్టరు దగ్గరుంది కదా అని ఎవరైనా తీసివేత లెక్క చేసుకోవచ్చు. దాన్ని ఆపలేం. కానీ పేజీ ఆ పని చేసి పెట్టకూడదు.

ఇక ఆ వెయ్యి రూపాయలు. పేజీలో 23వ వరసలో "పేరు తెలియాల్సినవారు" అని పెట్టి ఉంచాం. మూసేశాక పది రోజులకు తెలిసింది. బడి ఎదురుగా టీ కొట్టు ఆయనవట. బ్యాచ్ కాదు, ఎవరూ ఆయన్ని అడగలేదు. కొట్టు దగ్గర ఎవరో మాట్లాడుకుంటుంటే విని, మనవడి ఫోన్ నుంచి వేయించారు. పేరు రాస్తామంటే వద్దన్నారు. మరీ బలవంతపెడితే "కొట్టు పేరు రాసుకోండి" అన్నారు. అందుకే ఆ పేజీలో వరసలు 105 ఉంటాయి, మనుషుల గీత మాత్రం 104 దగ్గర ఆగి ఉంటుంది.